ఎవరి చర్మం, ఎవరి పురుగు

బొచ్చు రాలి, చర్మం ఎర్రబడి, అక్కడక్కడా చెక్కు కట్టిన కుక్క కనబడితే మన ఊళ్లలో దానికి ఒకటే పేరు: గజ్జి కుక్క. పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వరు. పెంచుకున్నవాళ్లే కొన్నిసార్లు ఊరి బయట వదిలేసి వస్తారు. ఆ భయంలో కొంత నిజం ఉంది, కొంత లేదు. ఎంత నిజమో చెప్పాలంటే ఆ కుక్క ఒంటిమీద ఉన్నది ఏ పురుగో ముందు తెలియాలి.

కుక్కలకు గజ్జి తెచ్చే సూక్ష్మ పురుగుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి డెమోడెక్స్, రెండోది సార్కోప్టెస్. రెండూ మామూలు కంటికి దొరకనంత చిన్నవి. రెండూ సాలీళ్లకూ పిడుదులకూ దగ్గరి బంధువులే. రెండూ బొచ్చు రాలగొడతాయి. పోలికలు అక్కడితో సరి. కుక్క డెమోడెక్స్ మనిషికి అంటదు. కుక్క సార్కోప్టెస్ అంటుతుంది గానీ నిలవదు, కొన్నాళ్లు దురద పెట్టి పోతుంది. మరి మనిషి గజ్జి ఎందుకు నెలల తరబడి వదలదు? అదీ సార్కోప్టెసే కదా! పశువైద్యుడిగా నేను తరచూ ఎదుర్కొనే ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు ఒక్క చోట దొరుకుతుంది: పురుగు ఒంటికి చేరిన ఎన్నాళ్లకు దురద మొదలైంది అన్న దగ్గర.

డెమోడెక్స్‌తో మొదలుపెడదాం. సూక్ష్మదర్శిని కింద దీన్ని ఒకసారి చూసినవారు మరచిపోరు. సన్నగా, పొడుగ్గా, చుట్ట ఆకారంలో ఉంటుంది. ముందు భాగంలో ఎనిమిది పొట్టి కాళ్లు, వెనక అంతా గీతలు గీతలుగా తోక లాంటి పొట్ట. పొడవు మిల్లీమీటరులో అయిదో వంతుకు అటూ ఇటూ. ఈ ఆకారం ఊరికే రాలేదు. అది కాపురం ఉండేది రోమకూపంలో, అంటే వెంట్రుక మొలిచే సన్నటి గొట్టంలో. వెంట్రుక పక్కనే తల కిందికి పెట్టుకుని దూరి, అక్కడి కణాలనూ చర్మపు జిడ్డునూ తింటూ, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. చర్మం మీద నడవడానికి ఆ కాళ్లు పెద్దగా పనికిరావు. బయట పడితే ఎండిపోయి త్వరగా చస్తుంది.

మనుషుల్లో ఈ పురుగును 1841లో హెన్లే, 1842లో బెర్లిన్ వైద్యుడు గుస్టావ్ సైమన్ గుర్తించారు. మరుసటి ఏడు రిచర్డ్ ఓవెన్ దానికి డెమోడెక్స్ అని పేరు పెట్టాడు. సైమన్ మొటిమల్లో వెతుకుతూ దాన్ని కనిపెట్టాడు కాబట్టి చాలాకాలం దాన్ని రోగకారకంగానే చూశారు. తర్వాత తేలింది ఏమిటంటే, పెద్దవాళ్లలో దాదాపు అందరి ముఖాల మీదా అది ఉంటుంది. నుదురు, ముక్కు పక్కలు, కనురెప్పల అంచులు దాని నివాసాలు. మనకు తెలియనే తెలియదు. కొందరిలో మాత్రం సంఖ్య పెరిగి, కనురెప్పల వాపుతోనో ముఖం ఎర్రబడే రోజేషియాతోనో దానికి సంబంధం కనబడుతుంది.

కుక్కల కథా అంతే. కుక్క డెమోడెక్స్ తల్లి నుంచి పిల్లకు పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో, పాలు తాగేటప్పుడు, మూతి తల్లి పొట్టకు ఆనినప్పుడు చేరుతుంది. ఆపరేషన్ చేసి బయటికి తీసి, తల్లికి దూరంగా పెంచిన పిల్లల్లో ఈ పురుగులు కనిపించలేదు. ఆ మొదటి రోజులు దాటాక ఒక ఆరోగ్యమైన కుక్క నుంచి మరో కుక్కకు అది వ్యాధిగా అంటదు. 2013లో బార్సిలోనా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న కుక్కల ఒంటిమీద అనేక చోట్ల నుంచి వెంట్రుకలు తీసి, వాటిలో పురుగు డీఎన్ఏ కోసం వెతికారు. ఎక్కువ చోట్ల వెతికిన కొద్దీ ఎక్కువ కుక్కల్లో దొరికింది. పురుగు దాదాపు ప్రతి కుక్కలోనూ ఉందని, అయితే చాలా తక్కువగా ఉందని దాని అర్థం. కాబట్టి డెమోడెక్స్ గజ్జి వచ్చిందంటే కొత్తగా ఏదో అంటుకుందని కాదు. ఉన్న పురుగును అదుపులో పెట్టే శక్తి ఆ కుక్క ఒంట్లో తగ్గిందని.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. డెమోడెక్స్ వల్ల బొచ్చు రాలుతుంది, చర్మం పొట్టు లేస్తుంది, నల్లబడుతుంది, అయినా దురద మామూలుగా ఉండదు. వేలాది పురుగులు రోమకూపాల్లో కిక్కిరిసి ఉన్నా కుక్క హాయిగా పడుకుంటుంది. దురద మొదలైందంటే పగిలిన రోమకూపాల్లోకి బాక్టీరియా చేరి చీము పట్టిందని అనుమానించాలి.

సార్కోప్టెస్ దీనికి పూర్తిగా భిన్నం. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు, వీపు మీద ముళ్లు. ఆడ పురుగు పొడవు 0.4 మిల్లీమీటరు దాకా ఉంటుంది, మగది అందులో సగమో కాస్త ఎక్కువో. ఇది రోమకూపాన్ని పట్టించుకోదు. చర్మం పైపొరను కొరుక్కుంటూ అడ్డంగా సొరంగం తవ్వుతుంది. చర్మం మీదికి చేరిన గంటలోపే లోపలికి దూరగలదు. రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ, వెనకాల మలం వదులుతూ, నెలా రెండు నెలలు ముందుకు తవ్వుకుంటూ పోతుంది. గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి, పిల్లలు పైకి వచ్చి తమ చోటు తాము వెతుక్కుంటాయి. ఇది బాగా నడుస్తుంది. ఒంటి వేడినీ వాసననూ బట్టి కొత్త చర్మం వైపు కదులుతుంది. మామూలు గది వాతావరణంలో ఒంటికి దూరంగా ఒక రోజు, ఒకటిన్నర రోజు బతుకుతుంది. చలి, తేమ ఉంటే ఇంకా ఎక్కువే.

మనిషి గజ్జికి ఈ పురుగే కారణమని ఇటలీలో బొనొమో, చెస్తోని 1687లోనే పరిశీలించి, ఫ్రాంచెస్కో రెడికి లేఖగా రాశారు. వైద్యలోకం దాన్ని పట్టించుకోలేదు. 1834లో కోర్సికా నుంచి పారిస్‌కు చదువుకోవడానికి వచ్చిన రెనూచి అనే విద్యార్థి, తన ఊరి ఆడవాళ్లు చేసే పద్ధతిలో, రోగి చర్మంలోంచి సూది మొనతో పురుగును తీసి అందరికీ చూపించాడు. అప్పుడు గానీ నమ్మకం కలగలేదు. పల్లె ఆడవాళ్లకు తెలిసిన సంగతి వైద్యశాస్త్రానికి ఎక్కడానికి నూటయాభై ఏళ్లు పట్టింది.

దురద విషయంలో అసలు వెలుగు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వచ్చింది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్‌బీ అనే కీటక శాస్త్రవేత్త, యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న యువకులను స్వచ్ఛందంగా చేర్చుకుని గజ్జి మీద ప్రయోగాలు చేశాడు. గజ్జి రోగులు వాడిన దుప్పట్లలో పడుకోబెడితే అతి కొద్దిమందికే అంటింది. చర్మానికి చర్మం తగిలే సహవాసమే ప్రధాన మార్గమని తేలింది. అంతకంటే ఆశ్చర్యం కలిగించినది మరొకటి. మొదటిసారి గజ్జి అంటిన మనిషికి దాదాపు నెల రోజుల పాటు ఏమీ తెలియలేదు! పురుగులు సొరంగాలు తవ్వుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి, మనిషి సుఖంగా నిద్రపోతున్నాడు. తర్వాత ఒక్కసారిగా దురద మొదలైంది. అదే మనిషికి గజ్జి నయం చేసి మళ్లీ పురుగును అంటిస్తే, ఈసారి ఒక్క రోజులోనే దురద. పైగా రెండోసారి పురుగులు చాలామందిలో సరిగా స్థిరపడలేకపోయాయి. దాదాపు తొమ్మిది వందల మంది రోగుల ఒంటిమీద పురుగులు ఏరి లెక్కపెడితే సగటున మనిషికి పదకొండు ఆడ పురుగులే దొరికాయి. ఒళ్లంతా గోకించేది ఆ పదకొండే.

ఈ ప్రయోగాలు చెప్పేది స్పష్టం. దురద పురుగు కొరకడం వల్ల నేరుగా వచ్చేది కాదు. పురుగు లాలాజలానికీ మలానికీ గుడ్లకూ మన ఒంటి రక్షణ వ్యవస్థ చూపే ప్రతిస్పందన అది. మొదటిసారి ఆ వ్యవస్థకు పురుగును గుర్తుపట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గుర్తుపట్టాక మళ్లీ మరచిపోదు. ఈ ఆలస్యానికి పురుగు కూడా దోహదం చేస్తుంది. మనిషి సార్కోప్టెస్ మలంలో, జీర్ణనాళంలో ఉండే కొన్ని ప్రోటీన్లు మన రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షక ప్రోటీన్ల వరుసను అడ్డుకుంటాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపించారు. అంటే ఆ నెల రోజుల మౌనం పురుగు తనకోసం సంపాదించుకున్న గడువు. ఆ గడువులో అది ఒక తరం దాటేస్తుంది.

ఇప్పుడు ఆతిథేయి సంగతికి వద్దాం. డెమోడెక్స్ ప్రజాతిలో వందకు పైగా జాతులున్నాయి. దాదాపు ప్రతి క్షీరదానికీ తనదైన జాతి, కొన్నిటికి రెండు మూడు కూడా. మనిషి మీద ఉండేవి రెండు: రోమకూపంలో ఉండేది ఒకటి, తైలగ్రంథిలో ఉండే పొట్టిది ఒకటి. సార్కోప్టెస్ విషయం తలకిందులు. వందకు పైగా క్షీరదాల మీద దొరికే సార్కోప్టెస్ అంతా ఒకే జాతిగా లెక్క. మనిషి రకం, కుక్క రకం, పంది రకం, మేక రకం, ఒంటె రకం అని వేరు చేస్తారు గానీ సూక్ష్మదర్శిని కింద వాటిని నమ్మకంగా విడదీయడం కష్టం.

డెమోడెక్స్ ఒక్కో జంతువుకు అంతగా కట్టుబడిపోవడానికి కారణం దాని ప్రయాణ మార్గంలోనే ఉంది. తల్లి నుంచి పిల్లకు, ఆ పిల్ల నుంచి దాని పిల్లకు. బయటి సంతతితో కలిసే అవకాశం తక్కువ. మనుషుల డెమోడెక్స్ మీద 2015లో అమెరికాలో జరిగిన డీఎన్ఏ అధ్యయనం దీన్ని బాగా చూపింది. ఆఫ్రికా మూలాలున్న కుటుంబాలు తరాల క్రితం అమెరికాలో స్థిరపడినా, వాళ్ల ముఖాల మీది పురుగుల వంశం ఆఫ్రికాదే. పురుగు కుటుంబంతో పాటు సముద్రం దాటింది, ఇరుగుపొరుగుకు అంతగా పాకలేదు. 2022లో ఇదే పురుగు జన్యువులన్నీ చదివినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. అది అనవసరమైన జన్యువులను ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటోంది. వెలుతురు నుంచి కాపాడుకునే జన్యువులు పోయాయి. దగ్గరి బంధువులతో పోలిస్తే దాని ఒంట్లోని ప్రోటీన్ రకాలు అతి తక్కువ. వేల తరాలు ఒకే ఇంట్లో ఉండి, ఆ ఇంటికే సరిపడా మిగిలిన జీవి వేరే ఇంట్లో బతకలేదు. అందుకే కుక్క డెమోడెక్స్ మన చేతిమీద పడినా మన రోమకూపం దానికి ఇల్లు కాదు. దురద పెట్టేంత సేపు కూడా ఉండదు. ఇంట్లో డెమోడెక్స్ కుక్క ఉంటే పిల్లలకు వస్తుందన్న భయం అక్కర్లేదని నేను గట్టిగా చెప్పడానికి ఆధారం ఇదే.

సార్కోప్టెస్ అలా కట్టుబడలేదు. నడవగలదు, ఒంటికి దూరంగా కాసేపు బతకగలదు, దొరికిన చర్మంలో దూరి చూడగలదు. కెన్యాలోని మసాయి మారాలో సింహాల మీది పురుగులు అవి వేటాడే విల్డెబీస్ట్ పురుగులకు, చీతాల మీదివి థామ్సన్ గజెల్ పురుగులకు దగ్గరగా ఉన్నట్టు తేలింది. వేటకు చిక్కిన జంతువు చర్మం నుంచి వేటాడిన జంతువు చర్మానికి అన్నమాట. ఆస్ట్రేలియాలో వాంబాట్ అనే బొరియల జంతువుకు ఈ పురుగు యూరపు వలసదారులతో, వాళ్ల జంతువులతో వచ్చి చేరి, అక్కడ నిలిచి, ఇప్పుడు దాన్ని చంపుతోంది. కాబట్టి సార్కోప్టెస్ విషయంలో హద్దు ఉంది, అది గోడ కాదు.

మరి మనిషికీ కుక్కకూ మధ్య ఆ హద్దు ఎంత బలమైనది? ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆదివాసీ గూడేలు దీనికి సహజ ప్రయోగశాల లాంటివి. అక్కడ మనుషుల్లోనూ కుక్కల్లోనూ గజ్జి ఎక్కువ, ఇద్దరూ ఒకే చాపమీద పడుకునేంత చనువు. కుక్కల నుంచే మనుషులకు వస్తోందని అందరూ అనుకునేవారు. 1999లో షెల్లీ వాల్టన్, ఆమె సహచరులు ఆ ఇళ్ల మనుషుల నుంచి, కుక్కల నుంచి పురుగులు తీసి జన్యు గుర్తులు పోల్చారు. ఒకే ఇంటివైనా మనుషుల పురుగులు ఒక గుంపుగా, కుక్కల పురుగులు వేరే గుంపుగా విడిపోయాయి. రెండు గుంపులకూ మధ్య సంకరం దాదాపు లేదు. మనుషుల గజ్జి తగ్గించడానికి కుక్కలను చంపడం, వాటికి మందులు వేయడం మీద పెట్టిన శ్రమ ఆ లక్ష్యానికి పనికిరాదని దీని తాత్పర్యం. వేరే దేశాల్లో తర్వాత వచ్చిన కొన్ని జన్యు అధ్యయనాల్లో గీత ఇంత స్పష్టంగా రాలేదు. కొన్ని మనిషి పురుగులు కుక్క పురుగుల గుంపులో పడ్డాయి. అయితే ఊళ్లో నడుస్తున్న గజ్జి గొలుసుకు కుక్కలు ఆధారమన్న వాదన వాటితో నిలబడదు.

కుక్క పురుగు మనిషి చర్మంలో ఏం చేస్తుందో నేరుగా చూసినవారూ ఉన్నారు. అమెరికాలో ఎస్టెస్, ఆర్లియన్ బృందం 1983లో కుక్క సార్కోప్టెస్‌ను మనిషి చర్మం మీద ఉంచింది. పురుగులు దూరాయి, గుడ్లు కూడా పెట్టాయి, నాలుగు రోజుల తర్వాత కూడా కొన్ని బతికే ఉన్నాయి. అంటే అది ‘కుట్టి పోవడం’ కాదు, కాపురం పెట్టే ప్రయత్నం. ఆ ప్రయత్నం విఫలమవుతుంది. ఎక్కడ విఫలమవుతుంది అన్నదే అసలు ప్రశ్న.

పూర్తి జవాబు ఇంకా రాలేదు. ఉన్న ఆధారాల నుంచి నేను అల్లుకున్న చిత్రం ఇది. మొదటిది, చర్మం నచ్చకపోవడం. పైపొర మందం, జిడ్డులోని కొవ్వు పదార్థాలు, కణాల మధ్య ఊరే ద్రవం ఒక్కో జంతువుకు ఒక్కోలా ఉంటాయి. కుక్క రకం పురుగును ప్రయోగశాలలో కుందేలు మీద తరాల తరబడి పెంచగలిగారు, ఎలుక, గినీపిగ్, పంది, పిల్లి మీద పెంచలేకపోయారు. కుందేలుకు వీలై పిల్లికి ఎందుకు వీలుకాలేదో చెప్పడానికి చర్మపు రసాయనాన్నే చూడాలి. రెండోది, మౌనం కుదరకపోవడం. మన పురుగు మన రక్షణ వ్యవస్థను నిద్రపుచ్చే ప్రోటీన్లు మనకోసం తీర్చిదిద్దుకున్నవి. కుక్క పురుగువి కుక్క కోసం తీర్చిదిద్దుకున్నవి అయివుండాలి. అవి మన దగ్గర సరిగా పనిచేయకపోతే పురుగు వెంటనే పట్టుబడుతుంది. ఇది నిరూపితమని చెప్పను, గానీ వైద్యుల గదిలో కనిపించే కాలక్రమంతో బాగా కలుస్తుంది: జంతువు నుంచి వచ్చిన దురద నెల రోజులు ఆగదు, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మొదలవుతుంది. మూడోది, పాత పరిచయం. ఇంటి దుమ్ములో ఉండే మైట్‌ల ప్రోటీన్లూ సార్కోప్టెస్ ప్రోటీన్లూ కొంత ఒకేలా ఉంటాయి. దుమ్ముకు తుమ్ములు, ఆయాసం వచ్చే మనిషి ఒంట్లో వాటికి ప్రతిరక్షకాలు ముందే సిద్ధంగా ఉండవచ్చు. అందుకే ఒకే కుక్కపిల్లను ఎత్తుకున్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు, ఇంకొకరికి ఏమీ లేకపోవడం.

త్వరగా వచ్చిన దురద మనిషికి బాధే గానీ, పురుగుకు అది ప్రాణాంతకం. గోకడంతో పైపొర లేచిపోతుంది, వాపుతో చర్మం లోపలి వాతావరణం మారుతుంది. గుడ్లు పొదిగినా రెండో తరం అక్కడ నిలదొక్కుకోదు. మిగిలేవి చచ్చిన పురుగులు, గుడ్ల పెంకులు, మలం. అవి సొరంగంలో ఉన్నంతకాలం దురద కొనసాగుతుంది. పైపొర రెండు మూడు వారాల్లో రాలిపోతుంది, దానితో అవీ పోతాయి. ‘కొద్దికాలపు దురద’ అంటే ఇదీ. కాకపోతే ఆ కాలాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది చాలామంది పొరబడే చోటు. కుక్కకు మందు వేయకుండా రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే రోజూ కొత్త పురుగులు వస్తూనే ఉంటాయి. అప్పుడు మూడు వారాలు కాదు, మూడు నెలలైనా దురద పోదు. లెక్క మొదలయ్యేది కుక్క మీద పురుగు చచ్చిన రోజు నుంచి.

ఒక ఇల్లు చూద్దాం. హనుమకొండ వైపు కుటుంబం. డిసెంబరు మొదట్లో వీధిలో దొరికిన మూడు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నారు. దాని చెవుల అంచులు పసుపు కలిసిన బూడిదరంగు చెక్కుతో దళసరిగా ఉన్నాయి. మోచేతుల మీద, వెనక కాళ్ల మడమల మీద, ఛాతీ కింద బొచ్చు లేదు. వీపు మాత్రం బాగానే ఉంది. పిల్ల తింటూ తింటూ ఆగి గోక్కుంటోంది. చెవి కొసను మడిచి చెవి మొదలుకు ఆనించి నాలుగైదు సెకన్లు రుద్దితే, అదే వైపు వెనక కాలు గాలిలో గోకడం మొదలుపెట్టింది. ఈ చిన్న పరీక్ష సార్కోప్టెస్ గజ్జి ఉన్న ప్రతి పది కుక్కల్లో ఎనిమిదింటిలో ఇలా పలుకుతుంది.

ఎనిమిదేళ్ల పాపకు మోచేతుల లోపలి వైపు, పొట్ట మీద ఎర్రటి చిన్న పొక్కులు. తల్లికి ముంజేతుల మీద, గుండెల మీద. పిల్ల వచ్చిన మూడో రోజు నుంచే దురద. తండ్రి దాన్ని ఎత్తుకోడు, ఆయనకు ఏమీ లేదు. తాతగారికి కూడా దురద ఉంది. అందరూ అదీ కుక్కపిల్ల పుణ్యమే అనుకున్నారు. “డాక్టర్ గారూ, దీన్ని పంపించేయమంటారా?” అని తల్లి అడిగింది.

తాతగారి చేతులు చూశాను. ఆయనకు పొక్కులు వేళ్ల సందుల్లో, మణికట్టు మీద ఉన్నాయి. నడుము దగ్గర కూడా ఉన్నాయట. రాత్రి పక్క ఎక్కాక దురద మరీ ఎక్కువ. ఎప్పటినుంచి అని అడిగితే నవంబరు మధ్య నుంచి అన్నారు. అప్పటికి కుక్కపిల్ల ఇంట్లోనే లేదు! దసరా సెలవులకు హాస్టల్ నుంచి మనవడు వచ్చి, తాత పక్కనే పడుకుని వెళ్లాడని మాటల్లో తేలింది. అక్టోబరు మొదట్లో అంటిన మనిషి పురుగు, అయిదారు వారాలు చప్పుడు లేకుండా ఉండి, నవంబరు మధ్యలో దురదగా బయటపడింది. ఒకే ఇంట్లో రెండు రకాల సార్కోప్టెస్. ఒకటి మూడు రోజుల్లో బయటపడ్డది, మరొకటి నెలన్నరకు. కుక్క పురుగు, పిల్లను ఎత్తుకునే చోట్ల తగులుతుంది: ముంజేతులు, ఛాతీ, పొట్ట, తొడలు. మనిషి పురుగు తనకు నచ్చిన చోటు వెతుక్కుంటుంది: వేళ్ల సందులు, మణికట్లు, నడుము, మర్మావయవాలు. మొదటిది కాపురం నిలబెట్టుకోదు కాబట్టి సొరంగం గీతలు కనిపించవు. రెండోదానిలో వెతికితే కనిపిస్తాయి.

కుక్కపిల్ల మోచేతి మీద గీకిన మొదటి నమూనాలో ఏమీ రాలేదు. చెవి అంచు చెక్కును పారాఫిన్ నూనె పూసిన మొండి బ్లేడుతో వెడల్పుగా, పైపైన గీకి చూస్తే ఒక కోడిగుడ్డు ఆకారపు గుడ్డు, నాలుగు గోధుమరంగు మలపు ఉండలు కనిపించాయి. పురుగు కనిపించలేదు. ఆ ఒక్క గుడ్డు చాలు. సార్కోప్టెస్ ఉన్న కుక్కల్లో సగానికి పైగా నమూనాల్లో ఏమీ దొరకదు, ఎందుకంటే బాధ ఎంత ఉన్నా పురుగులు తక్కువ. దొరకలేదని లేదనుకోకూడదు, లక్షణాలు కలిస్తే మందు వేసి చూడాలి. డెమోడెక్స్‌లో ఇది తిరగబడుతుంది. చర్మాన్ని వేళ్ల మధ్య పిండి, రోమకూపాల్లోంచి పురుగును పైకి తెచ్చి, రక్తం చెమ్మ కనిపించేదాకా లోతుగా గీకాలి. అలా గీకి చూస్తే గుంపులు గుంపులుగా ఉంటాయి. సరిగా గీకినా ఏమీ రాలేదంటే చాలావరకు అది డెమోడెక్స్ కాదు.

కుక్కపిల్లకు బరువును బట్టి ఐసోక్సజోలిన్ వర్గం మాత్ర ఇచ్చాం. ఫ్లురలానర్, అఫోక్సోలానర్, సారోలానర్ ఈ వర్గంలోవే. మూర్ఛలు వచ్చే కుక్కకు ఇవ్వడానికి ముందు ఆలోచించాలి. దాని గోనెసంచి, గుడ్డలు వేడినీళ్లలో ఉతికించాం. ఉతకలేని వాటిని సంచిలో మూటకట్టి వారం పక్కన పెట్టమన్నాం. తల్లికీ పాపకూ కుక్క పురుగు ఒక్కటే అయితే పురుగు మందు అక్కర్లేదు, దురద తగ్గించే మందు చాలు. ఈ ఇంట్లో మాత్రం తాతగారు ఉన్నారు. అందుకని చర్మవైద్యుడి దగ్గరికి పంపాం. ఆ వైద్యుడు ఇంట్లో అందరికీ, దురద లేని తండ్రికి కూడా, మెడ కింద నుంచి కాళ్ల దాకా పర్మెత్రిన్ క్రీము ఒకే రాత్రి రాయించి, వారానికి మళ్లీ రాయించారు. హాస్టల్‌లో మనవడికీ కబురు వెళ్లింది. కుక్కపిల్ల ఇంట్లోనే ఉంది. మూడు వారాల్లో తల్లీ కూతుళ్ల చేతుల మీద మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇలాంటి ఇళ్లలో జరిగే తప్పులు రెండు నన్ను బాగా బాధపెడతాయి. ఒకటి, బొచ్చు రాలిన కుక్కకు పరీక్ష లేకుండా స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించడం. సార్కోప్టెస్ అయితే దురద నాలుగు రోజులు అణిగి, పురుగులు పెరుగుతాయి. డెమోడెక్స్ అయితే, అసలే తగ్గిన అదుపు పూర్తిగా పోతుంది. కంటి చుట్టూ రెండు పైసా బిళ్లలంత మచ్చలతో వచ్చిన లాబ్రడార్ పిల్ల, మందు లేకుండానే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గిపోయేది, స్టెరాయిడ్ తర్వాత ఒళ్లంతా చీముతో రావడం చూస్తాం. రెండోది, కాలిన ఇంజన్ ఆయిల్ పూయడం. కుక్క దాన్ని నాకుతుంది, అది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పురుగు కంటే ముందు కుక్క దెబ్బతింటుంది. ఐవర్‌మెక్టిన్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. కోలీ జాతి కుక్కల్లో ఒక జన్యు లోపం వల్ల అది మెదడులోకి చేరి ప్రాణం తీయగలదు.

ఒళ్లంతా పాకిన డెమోడెక్స్‌కు మాత్రం మందు తప్పదు. ఒకప్పుడు వారం వారం అమిత్రాజ్ స్నానాలు, నెలల తరబడి రోజూ ఐవర్‌మెక్టిన్ నడిచేవి. ఐసోక్సజోలిన్లు వచ్చాక పని తేలికైంది. బొచ్చు వచ్చిందని ఆపకూడదు. నెల తేడాతో రెండుసార్లు గీకి చూసినా పురుగు లేదని తేలాలి. నాలుగేళ్లు దాటిన కుక్కకు కొత్తగా డెమోడెక్స్ వస్తే పురుగును చంపి ఊరుకోకుండా, అదుపు ఎందుకు తప్పిందో వెతకాలి. కుషింగ్ వ్యాధి, థైరాయిడ్ లోపం, క్యాన్సర్, అంతకుముందు వాడిన స్టెరాయిడ్లు ముందుగా చూడాల్సినవి. చిన్న వయసులో ఒళ్లంతా వచ్చిన కుక్కను సంతానానికి వాడకూడదు, ఆ బలహీనత వంశంలో దిగుతుంది.

మనిషిలోనూ అదుపు తప్పితే ఏమవుతుందో చెక్కు గజ్జిలో చూడవచ్చు. అవయవ మార్పిడి జరిగినవారికో, హెచ్‌ఐవీతో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికో మనిషి సార్కోప్టెస్ అంటితే, పదకొండు పురుగులు కాస్తా వేలు, లక్షలు అవుతాయి. చర్మం మందపాటి చెక్కుతో పగుళ్లు బారుతుంది. అంత పురుగు ఉన్నా దురద చాలామందిలో తక్కువ. గోకించే ప్రతిస్పందనే లేదు కాబట్టి. ఇక్కడ సార్కోప్టెస్ తీరు డెమోడెక్స్ తీరుకు దగ్గరవుతుంది: లెక్కలేనన్ని పురుగులు, తక్కువ బాధ. ఒక్క తేడా ప్రమాదకరమైనది. డెమోడెక్స్ కుక్క ఎవరికీ ఏమీ అంటించదు, చెక్కు గజ్జి ఉన్న మనిషి ఒక వార్డు మొత్తానికి అంటించగలడు. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న మనిషి ఇంట్లో గజ్జి కుక్క ఉంటే, ‘కొద్దికాలమే’ అన్న మామూలు భరోసా నేను ఇవ్వను. కుక్కకు ఆ రోజే మందు వేయిస్తాను, మనిషిని చర్మవైద్యుడికి చూపించమంటాను.

కుక్కే కాదు, పంది, మేక, గుర్రం, ఒంటె మీది సార్కోప్టెస్ కూడా కాపరులకూ పాలు పిండేవాళ్లకూ ఇలాగే ముంజేతుల మీద, తొడల మీద దురద తెస్తుంది. పిల్లి తల మీద చెక్కు కట్టించే నోటోఎడ్రెస్ అనే బంధువుదీ అదే తీరు. వీటన్నిటిలో ప్రశ్న ఒకటే: జంతువుకు వైద్యం జరిగి మూడు వారాలు దాటినా కొత్త పొక్కులు వస్తున్నాయా? వస్తుంటే జంతువును మళ్లీ పరీక్షించాలి, అది శుభ్రంగా ఉంటే మనుషుల్లో వెతకాలి. గజ్జిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. దానికి గురయ్యేది ఎక్కువగా ఇరుకు ఇళ్లలో, హాస్టల్ గదుల్లో ఒకరి పక్కన ఒకరు పడుకునే పిల్లలు. హాస్టల్‌లో ముప్ఫై మంది గోక్కుంటుంటే ఆవరణలోని కుక్కలను తరిమేసి పని అయిపోయిందనుకోవడం వల్ల, అదే గదిలో చప్పుడు లేకుండా నెల రోజుల గడువులో ఉన్న పిల్లలకు మందు అందడం లేదు. గదిలో అందరికీ, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి మందు రాయించి వారానికి మళ్లీ రాయిస్తేనే ఆ గొలుసు తెగుతుంది.